పదేళ్ల తర్వాత కూడా చెల్లే పేరు

(మిర్యాలగూడలో రైస్ మిల్లర్లు, యంత్రాల డీలర్లు, వడ్ల వ్యాపారులు కలిసిన సమావేశంలో, సదస్సులు నిర్వహించే వృత్తిలో ఉన్న వక్త చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ ఏటా ఒక సదస్సు పెట్టాలని మీరు నిర్ణయించారు. హాలు ఎక్కడ, భోజనాలు ఎవరు చూస్తారు, స్టాళ్లు ఎన్ని, ఇవన్నీ మీ కమిటీకి నాకంటే బాగా తెలుసు. నన్ను పిలిచింది పేరు గురించి మాట్లాడమని. కమిటీ వాళ్లు కొన్ని పేర్లు రాసిచ్చారు. పేర్లు సూచించినవాళ్లు ఇక్కడే కూర్చున్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోవద్దు, రెండు పేర్లను మాత్రం ముక్కముక్కగా విప్పి చూద్దాం.

మొదటిది: ‘ఫస్ట్ యాన్యువల్ టీజీ బాయిల్డ్ రైస్ మిల్లర్స్ మీట్’. రెండోది: ‘నల్గొండ జిల్లా రైస్ అండ్ సార్టెక్స్ ఎక్స్‌పో 2026’.

రెండూ ఇవాళ్టికి నిజమైన పేర్లే. చదివితే విషయం అర్థమవుతుంది. కానీ ఏటా జరిగే సదస్సు పేరును నేను రెండు ప్రశ్నలతో చూస్తాను. ఈ పేరులో ఉన్న ప్రతి మాటా పదేళ్ల తర్వాత కూడా నిజమేనా? ఈ పేరును ఏ కంపెనీ అయినా ఇబ్బంది లేకుండా తన లోగో పక్కన వేసుకోగలదా? ఈ రెండూ వేరువేరుగా కనబడతాయి గానీ, చూస్తూ పోతే చాలాచోట్ల ఒకే మాట రెంటికీ అడ్డుపడుతుంది.

‘టీజీ’ దగ్గర మొదలుపెడదాం. ఈ సదస్సును మీ ముందుతరం వాళ్లు 2013లో మొదలుపెట్టి ఉంటే ఆ చోట ‘ఏపీ’ అని ఉండేది. 2014 జూన్ తర్వాత దాన్ని ‘టీఎస్’ చేసేవాళ్లు. 2024లో బండ్ల నంబర్లతో పాటు ప్రభుత్వ సంస్థల పేర్లలో కూడా టీఎస్ పోయి టీజీ వచ్చింది. టీఎస్ఆర్టీసీ టీజీఎస్ఆర్టీసీ అయింది, టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. పదకొండేళ్లలో మూడు పొట్టి పేర్లు! ప్రభుత్వ సంస్థకైతే ఒక ఉత్తర్వు వస్తే బోర్డు మారుతుంది, జనం ఎలాగూ ఆ బస్సే ఎక్కుతారు. సదస్సుకు ఆ సౌకర్యం లేదు. పేరు మారిందంటే నిరుటి బ్రోషర్, ఈ ఏటి బ్రోషర్ ఒకే కార్యక్రమానివని స్పాన్సర్‌కు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

జిల్లా సంగతి కూడా అంతే. 2016 అక్టోబర్ 11న మన జిల్లా మూడయింది. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. ‘నల్గొండ జిల్లా’ అని పేరులో రాసి ఉంటే కోదాడ, హుజూర్‌నగర్ మిల్లర్లు ఒక పొద్దుటికి బయటివాళ్లయిపోయేవాళ్లు. మిల్లు కదల్లేదు, మిల్లరూ కదల్లేదు, గీత కదిలింది. అందుకే ఇప్పటికీ అందరం ‘ఉమ్మడి నల్గొండ’, ‘ఉమ్మడి పాలమూరు’ అంటూ తిప్పలు పడుతున్నాం.

ఊరి పేరు అలా కాదు. జిల్లాలు విడిపోతాయి, రాష్ట్రాలు విడిపోతాయి, ఊరు చాలావరకు ఊరిగానే ఉంటుంది. పైగా ఒక వ్యాపారానికి పేరుపడ్డ ఊరైతే ఆ పేరే సగం ప్రచారం చేస్తుంది. స్విట్జర్లాండ్‌లో 1971లో ‘యూరోపియన్ మేనేజ్‌మెంట్ ఫోరం’ అని ఒకటి మొదలైంది. అది యూరప్ దాటింది, మేనేజ్‌మెంట్ కూడా దాటింది, పాత పేరు పట్టలేదు. 1987లో ‘వరల్డ్ ఎకనామిక్ ఫోరం’ అని మార్చుకున్నారు. ఈ రెండు పేర్లూ గుర్తులేనివాళ్లు కూడా దాన్ని ‘దావోస్’ అంటారు. ఊరి పేరు రెండు అధికారిక పేర్లనూ దాటి నిలిచింది. మన ముఖ్యమంత్రులు వెళ్లినప్పుడు పేపర్లో హెడ్డింగు కూడా అదే కదా.

ఇప్పుడు ‘బాయిల్డ్’. ఈ మాట ఇక్కడ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. యాసంగి వడ్లు ఎండల్లో కోతకొస్తాయి. పచ్చిగా మర పట్టిస్తే నూక ఎక్కువ పోతుంది, ఉడకబెట్టి పట్టిస్తే గింజ నిలుస్తుంది. అందుకే మన దగ్గర ఇన్ని బాయిల్డ్ మిల్లులు. మరి 2021లో ఏం జరిగింది? ఇకమీదట సెంట్రల్ పూల్‌కు బాయిల్డ్ రైస్ ఇవ్వబోమని రాష్ట్రం నుంచి ఎఫ్‌సీఐకి రాసిచ్చారు. ఆ తర్వాతి యాసంగి కొనుగోళ్ల మీద ఎంత రభస జరిగిందో మీరు నాకు చెప్పాలి, నేను మీకు కాదు. ఆ నెలల్లో ‘బాయిల్డ్ రైస్’ అనే బ్యానర్ కింద సదస్సు పెట్టి ఉంటే, స్పాన్సర్ చేయాల్సిన బ్యాంకు మేనేజర్ ఏమనుకునేవాడు? ఈ సరుకుకే గిరాకీ ఉంటదో లేదో తెలియదు, నా బ్యాంకు బోర్డు అక్కడెందుకు, అనుకునేవాడు. ఆనాడు వాళ్ల ముఖ్య కార్యాలయంలో ఆ ఒక్క మాట చూసే ఫైలు పక్కన పెట్టేవాళ్లు.

అంటే సరుకు రకం, పద్ధతి, యంత్రం, పథకం, ఇలాంటివి పేరులో పెడితే వాటి తలరాత సదస్సుకు అంటుకుంటుంది. జర్మనీలోని హానోవర్‌లో ‘సెబిట్’ అని పెద్ద కంప్యూటర్ ప్రదర్శన జరిగేది. జర్మన్‌లో ఆ పొట్టి పేరు వెనక ‘ఆఫీస్ ఆటోమేషన్, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, టెలికమ్యూనికేషన్ కేంద్రం’ అన్న అర్థం ఉంది. 1970లో హానోవర్ పారిశ్రామిక ప్రదర్శనలో ఒక భాగంగా మొదలై, 1986 నుంచి విడిగా జరిగి, 2018 తర్వాత ఆగిపోయింది. పేరు వల్లే ఆగిందని నేను అనను, దానికి వేరే కారణాలున్నాయి. కానీ ‘ఆఫీస్ ఆటోమేషన్’ అన్న మాట విని ఇవాళ ఎవరైనా టికెట్ కొంటారా? అమెరికాలో 1967లో మొదలైన ‘కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షో’ ఇంకో దారి పట్టింది. అక్కడికి టీవీలు, రేడియోలతో పాటు కార్లు, ట్రాక్టర్లు రావడం మొదలైంది. నిర్వహించే సంఘం 2015లో తన పేరులో ‘ఎలక్ట్రానిక్స్’ తీసి ‘టెక్నాలజీ’ పెట్టుకుంది. ప్రదర్శనను మాత్రం ‘సీఈఎస్’ అనే మూడక్షరాలతోనే పిలవమంటారు, విడదీసి రాయొద్దంటారు. అక్షరాలే మిగిలి అర్థం పోయినా వాళ్లకు నడుస్తుంది, దాని వెనక అన్ని దశాబ్దాల పేరుంది కాబట్టి. మొదటి ఏడే మనం మూడక్షరాలతో వెళ్తే ‘అదేంటి?’ అని అడుగుతారు.

మనకు ‘రైస్’ అన్న మాట చాలు. బాయిల్డ్, రా, స్టీమ్, తౌడు నూనె, ఊకతో నడిచే బాయిలర్లు, నూకలు కొనే ఇథనాల్ ఫ్యాక్టరీలు, అన్నీ దాని కింద పడతాయి. అంతకంటే వెడల్పు చేసి ‘ఆగ్రో’, ‘ఫుడ్’ అనొద్దు. అప్పుడు ట్రాక్టర్లవాళ్లు, పాలవాళ్లు, మామిడివాళ్లు అందరూ వస్తారు, మిల్లు యంత్రాలు అమ్మేవాడికి తన కొనుగోలుదారుడు ఎక్కడున్నాడో కనబడడు. పేరు పదేళ్లు నిలవాలని మరీ వదులు చేస్తే స్పాన్సర్ జారిపోతాడు.

ఇక ‘సార్టెక్స్’. నవ్వకండి, ఇది అన్నిటికంటే ప్రమాదమైన మాట. మన దగ్గర బియ్యంలో నల్లగింజ, రాయి ఏరేసే మిషన్ ఏ కంపెనీదైనా సార్టెక్స్ అనే అంటాం. ‘సార్టెక్స్ చేసిన బియ్యం’ అని బస్తా మీద కూడా అచ్చేస్తాం. కానీ సార్టెక్స్ అనేది బ్యూలర్ కంపెనీ బ్రాండ్ పేరు. అదే పని చేసే కలర్ సార్టర్లు సటాకే వాళ్లు చేస్తారు, ఇంకా చాలామంది చేస్తారు. మీరు సదస్సుకు ‘రైస్ అండ్ సార్టెక్స్ ఎక్స్‌పో’ అని పేరుపెట్టి సటాకే డీలర్ దగ్గరికి స్పాన్సర్‌షిప్ అడగడానికి వెళ్తే, తన పోటీ కంపెనీ పేరున్న బ్యానర్‌కు డబ్బులు ఇమ్మని అడుగుతున్నట్టే. ఆయన మొహమాటానికి చాయ్ తాగించి పంపిస్తాడు. ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పడు. మరో వైపు, తన బ్రాండ్ పేరు మీరెలా వాడారని బ్యూలర్ వాళ్లు అడిగితే దానికీ జవాబు ఉండదు. పేరులోని ప్రతి మాటనూ ఒకసారి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో వెతకండి. వెతకడానికి డబ్బులు అక్కర్లేదు.

‘మిల్లర్స్’ మాట మీద నాకు కొంచెం ఊగిసలాట ఉంది. స్పాన్సర్‌కు పేరులోనే కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో తెలిస్తే మంచిదే. ‘మిల్లర్స్’ అంటే కొనే నిర్ణయం చేసేవాళ్లే వస్తారని అర్థం, అది అమ్ముడుపోయే మాట. కానీ డీలర్లు, ఎగుమతిదారులు, బ్యాంకులవాళ్లు, గోనె సంచులవాళ్లు ఇది సంఘం సొంత సమావేశం, మేం అతిథులం అనుకుంటారు. దాన్ని పేరు నుంచి తీసి పేరు కింద వచ్చే చిన్న వాక్యంలో పెట్టమంటాను. ‘రైస్ మిల్లర్లు, యంత్ర తయారీదారులు, ఎగుమతిదారుల వార్షిక సదస్సు’ అని కింద రాయండి. కింది వాక్యం ఏటా మార్చుకోవచ్చు, ఎవరూ అడగరు.

‘మీట్’ అయితే వద్దే వద్దు. ముంబైలోనో చెన్నైలోనో కూర్చుని ఖర్చుకు సంతకం పెట్టే ఆవిడకు ‘మీట్’ అంటే ఒక రాత్రి భోజనం, రెండు ఫొటోలు. దానికి డీలర్ ఖాతాలో నుంచి చిన్న మొత్తం వస్తుంది. అదే ‘కాన్ఫరెన్స్’ అంటే ప్రచార బడ్జెట్‌లోకి వెళ్తుంది. ‘ఎక్స్‌పో’ అంటే స్టాళ్లు ఉంటాయని మాటిచ్చినట్టు, నాలుగు స్టాళ్లే ఉంటే మాట తప్పినట్టు. ‘కాంక్లేవ్’ ఈ మధ్య ఫ్యాషన్, ఫ్యాషన్ మాట ఎప్పుడు పాతబడుతుందో చెప్పలేం. అంతర్జాతీయంగా ఇలాంటి సభల్ని ‘కాంగ్రెస్’ అని కూడా అంటారు. ఇక్కడ ఆ పేరుతో ఫ్లెక్సీ కడితే ఎవరెవరు వస్తారో, ఎవరెవరు రారో మీకు తెలుసు.

‘ఫస్ట్’ను, ‘2026’ను ఒకే మాటతో తేల్చేద్దాం. సంఖ్య పేరులో భాగం కాకూడదు, పేరు పక్కన ఉండాలి. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి, బోర్డుల మీద మాత్రం ‘టోక్యో 2020’ అనే ఉంది. దుబాయ్‌లో ‘ఎక్స్‌పో 2020’ తలుపులు తీసింది 2021 అక్టోబర్‌లో. అప్పటికే సరుకులు, గుర్తులు, ఒప్పందాలు అన్నీ ఆ పేరు మీద అయిపోయాయి. వాళ్లకు చెల్లింది. మనకు ఒక ఏడు వానలో, ఎన్నికల కోడో అడ్డొచ్చి సదస్సు ఆగిపోతే ‘నాలుగో వార్షిక’ అన్న లెక్క చెడిపోతుంది. లోగోలో పేరు మాత్రమే ఉండాలి, ఏడాది అంకె దాని కింద విడిగా రావాలి. వెబ్‌సైట్ చిరునామాలో అసలు ఏడాదే ఉండకూడదు.

స్పాన్సర్ పేరు ఎక్కడ పెట్టాలన్నది అసలు డబ్బు సంగతి. కమిటీలో ఒకరు, ‘పెద్ద మొత్తం ఇచ్చే బ్యాంకు పేరే సదస్సుకు పెట్టేద్దాం’ అన్నారట. 2010లో మీరు ఆ పని చేసి ఉంటే ఏ బ్యాంకుకు వెళ్లేవాళ్లు? ఎక్కువమంది ఎస్‌బీహెచ్‌కో, ఆంధ్రా బ్యాంకుకో. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మన ఇళ్లలో పాత పాసుబుక్కులున్నాయి, బ్యాంకులు లేవు.

ఐపీఎల్ వాళ్లు ఈ పని ఎలా చేశారో చూడండి. 2008లో అది డీఎల్ఎఫ్ ఐపీఎల్. 2013లో పెప్సీ ఐపీఎల్ అయింది. 2016 నుంచి వివో, 2020లో డ్రీమ్11, మళ్లీ 2021లో వివో, 2022 నుంచి టాటా. ముందు మాట ఇన్నిసార్లు మారింది, వెనక మూడక్షరాలు ఒక్కసారీ మారలేదు. ఆ మూడక్షరాలు బోర్డు సొంతం, ముందు మాట అద్దె ఇల్లు. పెప్సీ అయిదేళ్ల ఒప్పందంలో మధ్యలోనే తప్పుకున్నప్పుడు కూడా టోర్నమెంట్‌కు కొత్త పేరు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి మీరు పేరు పెట్టే రోజునే దాని ముందు ఒక ఖాళీ జాగా ఉంచి పేరు పెట్టాలి. నోటితో పలికి చూడండి: ‘ఫలానా కంపెనీ సమర్పించే ఫలానా సదస్సు’. పొడుగ్గా ఉంటే స్టేజీ యాంకర్ మొదట మింగేసేది డబ్బిచ్చినవాడి పేరునే. అందుకే మన పేరు మూడు మాటలు దాటొద్దు. ఒప్పంద పత్రంలో కూడా మూడు విషయాలు రాయించుకోండి. సదస్సు పేరు, లోగో సంఘానివే. స్పాన్సర్ పేరు ఒప్పందం ఉన్నన్ని ఏళ్లు మాత్రమే ముందు ఉంటుంది. అదే వ్యాపారంలో పోటీ కంపెనీని టైటిల్ స్పాన్సర్‌గా తీసుకోం, కానీ పోటీ కంపెనీ స్టాల్ పెట్టుకోవచ్చు. ఈ చివరిది రాయకపోతే, కలర్ సార్టర్ కంపెనీ ఒకటి టైటిల్ తీసుకుని మిగతావాళ్లందరినీ హాలు బయట నిలబెడుతుంది. అప్పుడు మీకు వచ్చింది ఒక చెక్కు, పోయినవి పది స్టాళ్లు.

సరే, వీటన్నిటినీ వడకట్టాక ఏం మిగిలింది? ఒక చోటు, ఒక సరుకు, ఒక సభ మాట. చోటు మిర్యాలగూడ. సరుకు రైస్. సభ మాటకు మొదట నాకు ‘ఫోరం’ నచ్చింది. మిర్యాలగూడ రైస్ ఫోరం. పలకడానికి బాగుంది, బరువుగా ఉంది. తర్వాత పొడి అక్షరాలు రాసి చూశాను. ఎమ్మారెఫ్! టైర్ల కంపెనీ. ఎవరైనా పేరును వారంలో పొడి అక్షరాలకు కుదిస్తారు, వాట్సాప్ గ్రూపు అదే పేరుతో వస్తుంది, మీరు ఆపలేరు. లారీల టైర్లు అమ్మే ఇంకో కంపెనీని స్పాన్సర్‌షిప్ అడగడానికి ఇక వెళ్లక్కర్లేదు. ‘సమిట్’ అంటే ఎమ్మారెస్, శ్రీమతి అన్నట్టుంటుంది. చివరికి ‘మిర్యాలగూడ రైస్ కాన్ఫరెన్స్’ దగ్గర ఆగాను. తెలుగు బ్యానర్ మీద ‘మిర్యాలగూడ రైస్ సదస్సు’. గొప్పగా ఏమీ లేదని మీకనిపిస్తే, నాకూ అంతే అనిపించింది. కానీ ఇందులో తీసేయాల్సిన మాట నాకు కనబడలేదు.

దీనికి ఒక లోపం ఉంది, అది ముందే చెప్పాలి. ఊరి పేరు, సరుకు పేరు కలిపిన మాటలకు ట్రేడ్‌మార్క్ దొరకడం కష్టం. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 9వ సెక్షన్ కింద, సరుకు రకాన్నో పుట్టిన చోటునో మాత్రమే చెప్పే మాటలను మామూలుగా ఒకరి సొంతంగా రిజిస్టర్ చేయరు. చాలా ఏళ్లు వాడి, ఆ పేరు అంటే మీరే అని జనానికి తెలిసిపోతే అప్పుడు దారి ఉంటుంది. అందుకని మాటను కాకుండా లోగోను రిజిస్టర్ చేయించండి. సదస్సు నిర్వహణ 41వ క్లాసులోకి వస్తుంది, వ్యాపార ప్రదర్శన 35లోకి వస్తుంది. ఆన్‌లైన్‌లో వేస్తే సంఘానికి క్లాసుకు 9,000 రూపాయల ఫీజు, రిజిస్ట్రేషన్ అయితే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. ఇంకొకటి, ‘జాతీయ’, ‘రాష్ట్ర’ లాంటి మాటలు గొప్ప కోసం తగిలించొద్దు. ప్రభుత్వ అండ ఉన్నట్టు తోచే పేర్లను 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం అడ్డుకుంటుంది.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఇవాళే తేల్చుకోండి. మిర్యాలగూడను మధ్యలో ‘ఎ’ పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టకుండా రాసేవాళ్లున్నారు. రెండు స్పెల్లింగులతోనూ వెబ్ చిరునామాలు కొని, ఒకదాన్ని ఇంకోదానికి కలపండి. బిల్లుల మీద, బ్యాంకు ఖాతాలో ఒకటే స్పెల్లింగ్ ఉండాలి. కంపెనీల అకౌంట్స్ విభాగం ఒక్క అక్షరం తేడాకు చెల్లింపు ఆపేస్తుంది.

నా మాట అయింది. ఏమైనా అడగండి.

(వనపర్తి నుంచి వచ్చిన ఒక మిల్లర్: సార్, ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు పాలమూరులో పెడదామని మేం అనుకున్నాం. పేరులో మిర్యాలగూడ ఉంటే మా దగ్గర ఎట్ల పెడతారు? రెండు జిల్లాలకూ కృష్ణే కదా, కృష్ణా రైస్ కాన్ఫరెన్స్ అంటే కాదా?)

మంచి ప్రశ్న అన్నా. కృష్ణ అన్న మాట నాకూ వచ్చింది. ఇక్కడ సాగర్ ఎడమ కాలువ, మీకు జూరాల, రెండూ ఆ నది నీళ్లే. కానీ ఢిల్లీలో, ముంబైలో కృష్ణా అంటే ఆంధ్రలో ఉన్న కృష్ణా జిల్లా అనుకుంటారు. అక్కడా వరి ఉంది, అక్కడా మిల్లులున్నాయి. మీ స్పాన్సర్ విజయవాడ ఏరియా మేనేజర్‌కు ఫైలు పంపిస్తాడు, ఆయన ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపిస్తాడు.

ఊళ్లు తిరగాలన్నది మీ నిర్ణయమైతే పేరులో ఊరు ఉండకూడదు, అది ఖాయం. హైదరాబాద్‌లో ఏటా జరిగే బయోఏసియా చూడండి, పేరులో ఊరూ లేదు, రాష్ట్రమూ లేదు, ఉమ్మడి రాష్ట్రంలో మొదలై ఇప్పటికీ అదే పేరుతో నడుస్తోంది. కానీ ఊరు తీసేస్తే ‘రైస్ కాన్ఫరెన్స్’ అని దేశంలో ఎవరైనా పెట్టుకోవచ్చు. అప్పుడు కొత్తగా కల్పించిన మాట ఒకటి కావాలి, దాన్ని జనానికి అలవాటు చేయడానికి రెండు మూడేళ్ల ప్రచారం ఖర్చు కావాలి, ఆ ఖర్చు మొదటి ఏడు ఏ స్పాన్సరూ పెట్టడు, సంఘమే పెట్టుకోవాలి. కాబట్టి పేరు మీద ఓటు పెట్టకముందు, తిరుగుతుందా ఒకేచోట ఉంటుందా అన్నదాని మీద చేతులెత్తించండి. ఒకేచోట అంటే నేను చెప్పిన పేరు తీసుకోండి. తిరుగుతుందంటే ఈ కాగితం పక్కన పెట్టి, సంఘం ఖాతాలో ఎంత ఉందో ముందు చూసుకుని మళ్లీ కూర్చుందాం.